ఫోన్‌లో క్లియర్, టీవీలో మసక ఎందుకు?

"ఫోన్ బ్రౌజర్‌లో వీడియో క్లియర్‌గా, యాడ్స్ లేకుండా వస్తుంది. టీవీకి కాస్ట్ చేస్తే మసక, పైగా యాడ్స్. ఎందుకండీ?"

కాస్ట్ చేస్తే ఫోన్ వీడియోను పంపదండీ, ఏది ప్లే చేయాలో మాత్రమే చెబుతుంది. వీడియోను టీవీయే వైఫై ద్వారా నేరుగా తెచ్చుకుంటుంది. అందుకే ఫోన్‌లోని యాడ్ బ్లాకర్ అక్కడ పనిచేయదు. క్వాలిటీ కూడా టీవీకి అందే సిగ్నల్‌ని బట్టే ఉంటుంది.

కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌లో రౌటర్ హాల్లో, టీవీ రెండు గోడల అవతల బెడ్‌రూమ్‌లో ఉండేవి. ఫోన్ రౌటర్ పక్కనే పెట్టినా బొమ్మ మారలేదు. టీవీకి లాన్ కేబుల్ వేశాకే స్పష్టంగా వచ్చింది.

వీడియో నడుస్తుండగా ఫోన్ వైఫై ఆపి చూడండి. టీవీలో ఆగకపోతే అది కాస్టింగే. వెంటనే ఆగితే మాత్రం మీరు చేస్తున్నది స్క్రీన్ మిర్రరింగ్, అందులో ఫోనే బొమ్మను పంపుతుంది.