క్యాంపస్ విజిట్ మెయిల్: ఫోన్లు తగ్గాలంటే

"మా ఇంజనీరింగ్ కాలేజీ చూడ్డానికి రమ్మని పిల్లలకు, పేరెంట్స్‌కు మెయిల్ పంపాం. అయినా ఎన్నింటికి, ఏం తేవాలి అని ఫోన్లు ఆగట్లేదు."

సబ్జెక్ట్ లైన్‌లోనే తేదీ, టైము పెట్టేయండి. కాలేజీ గొప్పలు కిందికి నెట్టండి. "9:30కల్లా మెయిన్ గేటు దగ్గరుండండి, 10:00కి టూర్ మొదలు, 12:30కి అయిపోతుంది" అని రాయండి. ముగింపు టైము లేకపోతే ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు తిరుగు బస్సు చూసుకోలేరు.

రిజిస్ట్రేషన్ ఫారంలో ఎంతమంది వస్తున్నారో అడగండి. ఒక్క పిల్లాడితో నలుగురు దిగడం మామూలేగా!

తేవాల్సినవి కన్ఫర్మేషన్ మెసేజ్, ఒక్కొక్కరికీ ఫొటో ఐడీ, ర్యాంకు కార్డు జిరాక్స్. "ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఫీజు డబ్బు తేవద్దు" అని విడి లైన్‌లో రాయండి, లేదంటే అదే రోజు అడ్మిషన్ అనుకుని ఫైలంతా మోసుకొస్తారు. అమ్మాయిల హాస్టల్లోకి నాన్నలను పంపకపోతే అదీ ముందే చెప్పండి.