ఎర్రకొండ అంచు, లైట్‌హౌస్, రద్దీ లేని మూడు రోజులు

"మాది చిత్తూరు. అమ్మతో మూడు రోజులు సముద్రం పక్కన నిదానంగా గడపాలి. కొండ అంచు, లైట్‌హౌస్, జాలర్ల ఊరు కావాలి, రిసార్టుల గోల వద్దు. నెల్లూరు వైపు దొరుకుతాయా?"

తమ్ముడూ, మన నెల్లూరు తీరమంతా ఇసుక నేల, కొండ అంచు దొరకదు. చిత్తూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కేరళలోని వర్కల శివగిరిలో దిగండి.

అక్కడ సముద్రం పక్కనే ఎర్రటి కొండ అంచు ఉంది. హోటళ్ళు ఎక్కువగా దాని ఉత్తర భాగమైన నార్త్ క్లిఫ్ మీదే ఉంటాయి. అక్కడ వద్దు, ఇంకా ఉత్తరంగా ఒడయం, ఎడవ వైపు గది తీసుకోండి. మొదటి రోజు పొద్దున్నే కాప్పిల్ దాకా నడవండి. అక్కడ ఒకవైపు కాయల్ అనే ఉప్పునీటి సరస్సు, ఇంకోవైపు సముద్రం.

ఒక్క జాగ్రత్త. ఆ ఎర్రకొండ గట్టి రాయి కాదు. వాననీరు పై పొరల్లోంచి దిగి, కింద బంకమట్టి దగ్గర ఆగి పక్కకు ఊరుతుంది. అడుగున అలలు కోస్తాయి, పైభాగం విరిగిపడుతుంది. అంచు గడ్డిలో సన్నటి పగులు కనిపించినా, కింద ఇసుకలో తాజా ఎర్రగడ్డలు పడి ఉన్నా అక్కడ నిలబడొద్దు, నీడ బాగుందని కొండ కింద అమ్మను కూర్చోబెట్టొద్దు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అయితే అసలు వెళ్ళొద్దు, డిసెంబరు, జనవరి నయం.

రెండో రోజు ఆటోలో దక్షిణంగా అంచుతెంగు. ఈస్టిండియా కంపెనీ కోట, పక్కనే లైట్‌హౌస్, చుట్టూ జాలర్ల ఇళ్ళు. తెల్లారకముందే వెళితే పడవలు ఒడ్డుకు చేరడం చూడొచ్చు. వల లాగేవాళ్ళకు అడ్డం రాకండి, ఫోటోకు ముందు అడగండి.

మూడో రోజు రైల్లో కొల్లం, అక్కడ తంగశ్శేరి లైట్‌హౌస్. 1902 నాటిది, 40 మీటర్లకు పైనే ఎత్తు, ఎరుపు తెలుపు చారలు. సోమవారం లైట్‌హౌస్ లోపలికి రానివ్వరు, మీ మూడో రోజు సోమవారం కాకుండా చూసుకోండి. అమ్మకు మోకాళ్ళ నొప్పులుంటే మెట్లెక్కించకండి, కింద నుంచి చూసినా చాలా బాగుంటుంది.