లిఫ్టు ఎందుకు ఆగిందో ముందు రాయి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఎనభై నిమిషాల సినిమాకు రాసి పంపిన పన్నెండు పేజీలు రెండుసార్లు చదివాను. రాత్రివేళ అపార్టుమెంటు లిఫ్టులో నలుగురు చిక్కుకోవడం, వాళ్లలో ఒకడు హంతకుడు కావడం వినడానికి బాగానే ఉన్నాయి. అయితే లిఫ్టు ఎందుకు ఆగిందన్నదానికి ‘కరెంటు పోయింది’ అని ఒక్క ముక్క రాసి ముందుకు వెళ్లిపోయావు. కథ అక్కడే పట్టు తప్పింది.

కరెంటు పోతే బ్యాటరీ సాయంతో దగ్గరి అంతస్తుకు చేరి తలుపు తెరుచుకునే ఏర్పాటు ఇప్పుడు చాలా లిఫ్టుల్లో ఉంటుంది. దాన్ని ఏఆర్‌డీ అంటారు. అపార్టుమెంటులో ఉండే ప్రేక్షకుడికి ఆ పేరు తెలియకపోయినా, కరెంటు పోయిన రెండు నిమిషాలకు తలుపు తెరుచుకోవడం అనుభవమే. కాబట్టి ఆ బ్యాటరీ ఆ రాత్రి ఎందుకు పని చేయలేదో నువ్వు చెప్పాలి. నేనైతే ఇలా ఆలోచిస్తాను. లిఫ్టు నిర్వహణకు ఏటా కట్టాల్సిన డబ్బు ఆ ఏడు కట్టలేదు, పాడైన బ్యాటరీని ఎవరూ మార్చలేదు. కట్టాల్సింది అసోసియేషన్ కోశాధికారి. ఆమె ఇప్పుడు ఆ లిఫ్టులోనే ఉంది. ఆ డబ్బును సొంత అప్పుకు వాడుకుంది. మిగిలిన బాకీ వసూలు చేయడానికి వచ్చినవాడు ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు. మూడోవాడు మందులు తెచ్చిన కుర్రాడు. ఇక నీ హంతకుడి అవసరం లేదు, నాలుగో పాత్ర అవసరమూ లేదు.

ఇప్పుడు ఈ ముగ్గురికీ ఆ తలుపుతో ఉన్న సంబంధం చూడు. పాత లిఫ్టుల్లో మోటారు డాబా మీది మెషిన్ రూములో ఉంటుంది. తెలిసినవాళ్లు అక్కడికి వెళ్లి మెయిన్ ఆపేసి, బ్రేకు వదిలించి, చక్రాన్ని చేత్తో తిప్పి లిఫ్టును అంతస్తుకు చేరుస్తారు. ఆ గది తాళంచెవి ఆమె ఇంట్లో, లెక్కల పుస్తకం ఉన్న బీరువాలో ఉంది. తాళంచెవి కోసం భర్త బీరువా తెరిస్తే లెక్కలు బయటపడతాయి. అందుకే వాచ్‌మన్ ఇంటర్‌కమ్‌లో అడిగినప్పుడు ‘తెలియదు’ అంటుంది. వసూలుకు వచ్చినవాడికి తలుపు తెరుచుకునేలోగా ఆమె సంతకం కావాలి. కుర్రాడికి బయటపడితే చాలు. తెరవగలిగిన మనిషి తెరవదు, ఒకడు ఆలస్యం కోరుకుంటాడు, ఒకడు తొందర పడతాడు. కుర్రాడు కిందటి వారం మందులు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆమె బీరువాలో తాళంచెవి పెడుతూ ఉండగా, దానికి వేలాడే ‘మెషిన్ రూమ్’ చీటీ చూశాడు. ఆ సంగతి అతనికి ఇరవై అయిదో నిమిషంలో గుర్తుకొస్తుంది. ఆ మలుపు కోసం బయటినుంచి ఎవరినీ తీసుకురానక్కరలేదు.

ఫోన్లకు సిగ్నల్ లేదని మాత్రం రాయకు. సిగ్నల్ ఉండనీ. కుర్రాడు నలభయ్యో నిమిషంలో 101కు ఫోన్ చేసి అగ్నిమాపక సిబ్బందిని పిలవనీ. వాళ్లు బయలుదేరారన్న మాట అతనికి ఊరట, వసూలుకు వచ్చినవాడికి గడువు. ఫోను పనిచేస్తున్నా ఆమె భర్తకు చేయదు. ప్రేక్షకుడు చూడాల్సింది అది.

రెండు విషయాలు నీ పేజీల్లోంచి తీసేయి. తాడు తెగి లిఫ్టు పడిపోవడం ఒకటి. లిఫ్టు ఒక్క తాడు మీద వేలాడదు. వేగం హద్దు దాటితే పట్టాలను గట్టిగా పట్టుకుని ఆపే ఏర్పాటు క్యాబిన్‌కే ఉంటుంది. ఊపిరాడక చనిపోవడం రెండోది. క్యాబిన్‌కు గాలి దారులు ఉంటాయి. ఉక్కపోస్తుంది, భయంతో ఆయాసం వస్తుంది, అంతే. నిజమైన ప్రమాదం వేరే ఉంది. క్యాబిన్ అడుగు, బయటి అంతస్తు నేలకంటే మూడడుగులు పైన ఆగిందనుకో. తలుపులు బలవంతంగా తెరిచినవాడు కిందికి దూకబోయి, క్యాబిన్ కింది ఖాళీలోంచి గుంతలోకి జారిపోవచ్చు. నీ డెబ్బయ్యో నిమిషం అది.

ఇక ఖర్చు. నిజమైన లిఫ్టులో తీద్దామని రాశావు, వద్దు. ఆరుగురి లిఫ్టులో ముగ్గురు నటులు నిలబడితే కెమెరాకు చోటే ఉండదు. స్టీలు గోడల్లో అందరూ కనిపిస్తారు. ఫ్లాట్లవాళ్లకు లిఫ్టు కావాలి. ప్లైవుడ్ సెట్ వేయించు. నాలుగు గోడలూ, పైకప్పూ విడివిడిగా ఊడివచ్చేలా చేయించి, మెరవని లామినేట్ అంటించు. తలుపు రెక్కలను ఇద్దరు తాళ్లతో లాగితే చాలు. సెట్ మొత్తాన్ని మూడడుగుల దిమ్మెల మీద ఎత్తి కింద నల్లగుడ్డ కడితే ఆ చివరి గుంత అదే అవుతుంది. కప్పులోని లైటే మొత్తం వెలుతురు కావాలని స్క్రిప్టులోనే రాసుకో. మామూలు లైటు, ఎమర్జెన్సీ దీపం, ఫోను వెలుగు అని మూడు స్థితులు పెట్టుకుంటే లైటింగ్‌కు రోజులు వృథా కావు.

అయితే డబ్బు పోయేది సెట్‌కు కాదు, కాల్‌షీట్లకు. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒకే గదిలో నడిచే కథ రాశాను. నలభయ్యో పేజీకి వచ్చేసరికి భయం పుట్టి, పోలీసు స్టేషన్ సన్నివేశాలు రెండు చేర్చాను. దాంతో పదకొండు మంది నటులు, నాలుగు రోజుల షూటింగ్ పెరిగాయి. పైగా బయటికి వెళ్లి తిరిగి గదిలోకి వచ్చిన ప్రతిసారీ లోపలి ఉక్కిరిబిక్కిరి చల్లారిపోయింది. అప్పటినుంచి బయటి ప్రపంచాన్ని గొంతులతోనే తెస్తున్నాను. వాచ్‌మన్, భర్త, అగ్నిమాపక సిబ్బంది, ముగ్గురి గొంతులూ ఒక్క పూటలో డబ్బింగ్ అయిపోతాయి. కానీ షూటింగ్ రోజున ఆ మాటలు గోడ వెనక ఎవరో ఒకరు నిజంగా చదవాలి. నటి ఎదుటి మాట వినకుండా ఊహించుకుని స్పందిస్తే ముఖంలో తెలిసిపోతుంది.

1957లో వచ్చిన ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ దాదాపు మొత్తం ఒకే గదిలో నడుస్తుంది. దర్శకుడు సిడ్నీ లూమెట్ మొదట్లో కెమెరాను కంటి ఎత్తుకు పైన పెట్టి, కథ నడిచేకొద్దీ కిందికి దించుతూ, లెన్సులను పొడవైనవాటికి మారుస్తూ వెళ్లాడు. గోడలు దగ్గరికి వస్తున్నట్టు అనిపిస్తుంది. డబ్బు మిగిల్చే పద్ధతి కూడా ఆయన దగ్గరే ఉంది: ఒక వైపు లైట్లు పెట్టాక ఆ వైపు చూసే షాట్లన్నీ తీసేసి, తర్వాతే రెండో వైపు తిరిగేవాడు. నువ్వూ అలాగే తీస్తే కథ వరుస తప్పుతుంది. చెమట, చొక్కా గుండీ, ఫోనులో మిగిలిన చార్జింగ్ ఏ షాటులో ఎంతో ఎవరికీ గుర్తుండదు.

అందుకే ప్రతి సన్నివేశం పైన చోటు పేరు రాయడం మానేయి, అది ఎలాగూ మారదు. దాని బదులు గడియారం టైము, లైటు స్థితి, తలుపు స్థితి, ఎవరు నిలబడి ఉన్నారు, ఎవరు కూర్చున్నారు, ఫోను ఎంత శాతం అని రాయి. ‘11:07, ఎమర్జెన్సీ దీపం, తలుపు మూసి ఉంది, ఆమె కూర్చుంది, ఫోను 19 శాతం’ అన్నట్టు. అలా రాస్తే సహాయ దర్శకుడు షాట్లను గోడల వారీగా విడగొట్టుకోగలడు. నీకూ ఒక సంగతి తెలుస్తుంది: వరసగా మూడు సన్నివేశాల్లో గడియారం తప్ప మిగిలిన నాలుగింటిలో ఏదీ మారకపోతే అక్కడ కథ నిలిచిపోయినట్టే. నీ పన్నెండు పేజీల్లో ఐదో పేజీనుంచి తొమ్మిదో పేజీ దాకా అదే జరిగింది. అక్కడ నలుగురూ ఒకరి గతం ఒకరికి చెప్పుకుంటున్నారు.

మాటలు ఇంకా రాయకు. ముందు ఎనభై నిమిషాలకూ ఈ పట్టిక వేసి పంపు. వచ్చే ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను. ఆమె ‘తెలియదు’ అన్న చోటునుంచి ఇద్దరం కలిసి కూర్చుని చూద్దాం. అక్కకు నా నమస్కారాలు చెప్పు.

నీ మామయ్య