ముత్యా, మా ముత్యం

సందేహం: మా అమ్మాయి మనీలాలో మెడిసిన్ చదువుతోంది. ఇల్లుగలావిడ మనవరాలికి ఏడో పుట్టినరోజు వస్తోంది. కార్డు మీద టగాలోగ్‌లో "మలిగాయాంగ్ కారావాన్, ముత్యా నమిన్" అని, కింద తెలుగులో "జన్మదిన శుభాకాంక్షలు, మా ముత్యమా" అని రాస్తానంటోంది. ఆ ముత్యా మన ముత్యమేనా? తెలుగు వాక్యం సరిగా ఉందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: ముత్యా అంటే ముత్యమే. టగాలోగ్‌లోకి అది మలయ్ భాష మీదుగా వెళ్ళింది. మలయ్‌లో ఇప్పటికీ ముతియారా అంటే ముత్యం. అక్కడికి ఎక్కడి నుంచి చేరిందన్న దగ్గరే పండితులకు పేచీ. సంస్కృత 'ముక్తా' నుంచి అని కొందరంటారు. మన నిఘంటువులూ ముత్యాన్ని తద్భవాల్లోనే వేశాయి. కానీ తమిళంలో ముత్తు ఉంది, పాండ్యుల తీరంలో ముత్యాల వేట ఎంతో పాతది. ద్రావిడ పదాన్నే సంస్కృతం తీసుకుని, చిప్ప నుంచి విడివడింది కనుక 'ముక్త' అని వ్యుత్పత్తి కల్పించుకుందని వాదించేవాళ్ళూ ఉన్నారు. నా మొగ్గు రెండో వైపే, అయినా తీర్పు చెప్పే సాహసం చేయను. తెలుగు నుంచే ఫిలిప్పీన్స్‌కు వెళ్ళిందని మాత్రం దయచేసి ఎవరూ ప్రచారం చేయవద్దు. దానికి ఆధారం లేదు.

మన మాటలు అంత దూరం ఎలా వెళ్ళాయని ఆశ్చర్యపోనక్కర్లేదు. మనీలాకు దగ్గర్లోని లగూనాలో 1989లో ఒక రాగిరేకు బయటపడింది. శకవర్షం 822, అంటే క్రీ.శ. 900 నాటిది. మన శాసనాల్లాగే 'స్వస్తి' అని మొదలై వైశాఖ మాసం, కృష్ణపక్ష చవితి, సోమవారం అని తిథివారాలు చెబుతుంది. గురువు టగాలోగ్‌లో గురో, ముఖం ముఖా, ఆశ ఆసా.

పిల్లల్ని ముత్యం అనడం మనకు కొత్త కాదు. అన్నమయ్య "ముద్దుగారే యశోద ముంగిట ముత్యము వీడు" అన్నాడు. ఆ 'ముంగిట' అన్న మాట చూడండి. ముత్యం ఉండాల్సింది భరిణెలో. ఈ ముత్యం ముంగిట్లో దొర్లుతోంది, అందరి కంటా పడుతోంది, ముద్దు కారిపోతోంది. తర్వాత చరణాల్లో అదే పిల్లవాడు గొల్లెతలకు అరచేతి మాణిక్యం, కంసుడి పాలిట వజ్రం, అలా నవరత్నాలూ అవుతాడు. తల్లి వాకిట్లో మాత్రం ముత్యం. ఇంకో సంగతి, అన్నమయ్య "ముత్యమా" అని పిలవలేదు, "ముత్యము వీడు" అన్నాడు. మీ అమ్మాయి రాసిన సంబోధన వ్యాకరణానికి తప్పు కాదు గానీ, ఇంట్లో ఎవరి నోటా రాదు. మనం "మా ముత్యం" అనే అంటాం.

టగాలోగ్‌లోనూ ముత్యా కాస్త పుస్తకాల మాట. ఇంట్లో వినిపించేది 'అనక్'. కొడుకైనా కూతురైనా అనకే, పొరుగింటి పిల్లనైనా పెద్దవాళ్ళు అలాగే పిలుస్తారు. కడగొట్టు బిడ్డ బున్సో, చిన్నపిల్ల నేనె, పిల్లవాడు తోతోయ్. మన చిట్టి, బుజ్జి, కన్నా ఎలాగో అవీ అలాగే.

'నమిన్' బాగా పడింది. వాళ్ళకూ మనలాగే మేము, మనము వేరువేరు. నమిన్ అంటే 'మా', నాతిన్ అంటే 'మన'. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవాళ్ళు ఇక్కడే తడబడతారు. తెలుగువాళ్ళకు ఆ ఇబ్బంది ఉండకూడదు. ఉచ్చారణ మాత్రం దిద్దుకోవాలి. 'మలిగాయఙ్' అనాలి, చివర గకారం వినపడదు. అక్షరమాలలో ఙ పెట్టుకుని దాన్ని మూలన పడేశాం, కనీసం ఇక్కడైనా వాడండి. రెండో మాట 'కఅరవన్'. రెండు అచ్చుల మధ్య ఆగి పలకాలి, మన అలవాటుకొద్దీ సంధి చేసేయకూడదు. అందులోని 'అరవ్' అంటే రోజు, సూర్యుడు కూడా.

ఇక జన్మదిన శుభాకాంక్షలు. ఏడేళ్ళ పిల్లకు ఈ ఫ్లెక్సీ భాష ఎందుకండీ? ఈమధ్య కన్నతల్లులు కూడా పిల్లలకు "హార్దిక శుభాకాంక్షలు" మెసేజ్ పెడుతున్నారు, చదివితే బాధగా ఉంటుంది. శుభాకాంక్ష సాటివాళ్ళకు చెప్పేది. చిన్నవాళ్ళకు ఇచ్చేది దీవెన. ఫిలిప్పీన్స్‌లోనూ పిల్లలు "మానో పో" అంటూ పెద్దల చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంటే, పెద్దలు దేవుడి దయ ఉండాలని దీవిస్తారు. ఆ 'పో' మన 'అండీ' లాంటిది, పెద్దల కోసం. కార్డులో అక్కర్లేదు.

మీ అమ్మాయి వయసుకు దీవించడం బరువనిపిస్తే "పుట్టినరోజు శుభాకాంక్షలు" అన్నా నేను అడ్డు చెప్పను. నన్నడిగితే మాత్రం ఇలా రాయమంటాను: "మా ముత్యం నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి."