నైట్ అలవెన్స్, వీకెండ్ అలవెన్స్: ఈఎంఐ లెక్కలో ఎంతవరకు నమ్మొచ్చు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నా భార్య స్టాఫ్ నర్సు. ఈ మధ్యే అమెరికాలో, టెక్సాస్‌లోని ఒక హాస్పిటల్‌లో చేరింది. ప్రస్తుతం ట్రైనింగ్ కాబట్టి డే డ్యూటీ. వచ్చే నెల నుంచి వారానికి మూడు నైట్లు, ఒక్కోటి 12 గంటలు. రెండు వారాలకోసారి శని, ఆదివారాలు కూడా డ్యూటీ ఉంటుందట. ఆఫర్ లెటర్‌లో గంటకు 34 డాలర్లు, నైట్‌కు 4.50, వీకెండ్‌కు 3 డాలర్లు అదనం అని ఉంది. మొత్తం 41.50ని 160 గంటలతో హెచ్చవేస్తే నెలకు 6,640 డాలర్లు వస్తోంది. ఆమె ఖర్చులు 2,200 దాకా ఉన్నాయి. నల్లగొండలో ఇల్లు తీసుకుందామని ఉంది. నెలకు లక్షన్నర ఈఎంఐ పెట్టుకోవచ్చా సార్?

జవాబు: లక్షన్నర వద్దండి. లక్షా పది వేల దగ్గర ఆగండి. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

మీ లెక్కలో రెండు పొరపాట్లు దొర్లాయి. వారానికి మూడు షిఫ్టులంటే 36 గంటలు, 40 కాదు. మీరు నెలను నాలుగు వారాలుగా తీసుకున్నారు కాబట్టి ఆ తేడా కొంత కప్పుకుపోయింది. రెండోది పెద్దది. వీకెండ్ 3 డాలర్లు ప్రతి గంటకూ రావు. శని, ఆదివారాల్లో చేసిన గంటలకే వస్తాయి. అందుకని మూడు రేట్లనూ ముందే కలిపేయకూడదు. ఏ రేటును దానికి సంబంధించిన గంటలతోనే హెచ్చవేసి, ఆ తర్వాత కూడాలి.

అక్కడి హాస్పిటళ్లు చాలావరకు రెండు వారాలకోసారి జీతం వేస్తాయి కాబట్టి లెక్క కూడా రెండు వారాలకే కడదాం. ఆరు షిఫ్టులు, 72 గంటలు. బేసిక్ 72ను 34తో హెచ్చవేస్తే 2,448 డాలర్లు. ఆ 72 గంటలూ నైటే కాబట్టి 4.50 చొప్పున 324. ఆరింటిలో రెండు షిఫ్టులు వీకెండ్‌లో పడతాయి, అంటే 24 గంటలకు 3 చొప్పున 72. అన్నీ కలిపితే ఒక్కో జీతానికి 2,844 డాలర్లు. ఏడాదికి 26 జీతాలు. 26తో హెచ్చవేసి 12తో భాగిస్తే నెల సగటు 6,162 వస్తుంది. మీరు అనుకున్నదానికంటే 478 డాలర్లు తక్కువ.

ఆ సగటును కూడా ఈఎంఐకి వాడకండి. ఏడాదిలో పది నెలలు రెండు జీతాలే పడతాయి, మూడు పడే నెలలు రెండే. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా ఒకేలా కట్ అవుతుంది. కాబట్టి మామూలు నెలలో వచ్చేది 5,688 డాలర్లనే అనుకోవాలి. అదీ కటింగ్‌లకు ముందు.

అలవెన్స్ ఏ గంటలకు ఇస్తారన్నది ఆ హాస్పిటల్ పాలసీని బట్టి ఉంటుంది. అక్కడి కేంద్ర చట్టం నైట్‌కు గానీ, వీకెండ్‌కు గానీ అదనంగా ఇవ్వాలని యజమానిని బలవంతం చేయదు. కొన్ని చోట్ల వీకెండ్ శుక్రవారం రాత్రి 7 నుంచి సోమవారం ఉదయం 7 దాకా లెక్క. కొన్ని చోట్ల శుక్రవారం రాత్రి 11 నుంచి ఆదివారం రాత్రి 11 దాకానే. రెండో పద్ధతైతే ఆదివారం రాత్రి 7కి డ్యూటీ ఎక్కినా నాలుగు గంటలకే వీకెండ్ డబ్బు వస్తుంది. అప్పుడు 24 గంటలు కాస్తా 16 అవుతాయి, 72 డాలర్లు 48కి పడిపోతాయి. నైట్‌కూ ఇలాంటి మెలికే ఉంది. రాత్రి 11 దాకా తక్కువ ఈవెనింగ్ రేటు ఇచ్చి, ఆ తర్వాతే నైట్ రేటు మొదలుపెట్టే హాస్పిటళ్లున్నాయి. ఆఫర్ లెటర్‌లో ఇవన్నీ రాయరు. హెచ్ఆర్‌ను పాలసీ కాగితం అడిగి తీసుకోమనండి.

నైట్లు మొదలయ్యాక మొదటి పే స్లిప్ మీకు ఫొటో తీసి పంపమని చెప్పండి. అందులో బేసిక్ ఒక వరుసలో 72 గంటలు, 34 రేటు అని ఉంటుంది. దాని కింద నైట్ వరుసలో మళ్లీ 72 గంటలు, 4.50 అని, ఆ కింద వీకెండ్ 24 గంటలు, 3 అని కనిపిస్తాయి. కంగారుపడి గంటలన్నీ కూడకండి. అవే గంటలు మళ్లీ రాస్తారంతే. చూడాల్సింది నైట్ వరుసలో 72 పూర్తిగా ఉన్నాయా లేదా అన్నది. మీల్ బ్రేక్ అరగంటకు జీతం ఇవ్వకుండా, దాన్ని 12 గంటల్లోంచే తీసేస్తుంటే అక్కడ 69 కనిపిస్తుంది. అప్పుడు బేసిక్ కూడా 69 గంటలకే వస్తుంది.

ఎక్స్‌ట్రా షిఫ్ట్ చేస్తే ఓటీ సంగతి కూడా గమనించాలి. వారంలో 40 గంటలు దాటిన తర్వాతే ఒకటిన్నర రేటు, 36 నుంచి 40 దాకా మామూలు రేటే. ఆ ఒకటిన్నర మాత్రం 34 మీద కాదు. నైట్, వీకెండ్ అలవెన్సులు కూడా కలిపి వచ్చే సగటు గంట రేటు మీద కట్టాలని అక్కడి కార్మిక చట్టం చెబుతోంది. వీకెండ్ లేని వారంలో నాలుగు నైట్లు చేసిందనుకుందాం. 48 గంటలకు 38.50 చొప్పున 1,848, పైన ఎనిమిది గంటలకు సగం రేటు 19.25 చొప్పున 154, మొత్తం 2,002 రావాలి. 1,984 కనిపిస్తే ఓటీని బేసిక్ మీదే కట్టారన్నమాట. 18 డాలర్లే కదా అని వదిలేయకుండా పేరోల్‌కు మెయిల్ పెట్టమనండి. అది ఆమె హక్కు.

ఇక మీ ఇంటి లోన్‌కు వద్దాం. నైట్, వీకెండ్ డబ్బును ఈఎంఐలో అస్సలు కలపకండి. ఇప్పుడు ట్రైనింగ్‌లో అది రావడమే లేదు. చాలా హాస్పిటళ్లలో సెలవు పెట్టిన రోజులకు బేసిక్ మాత్రమే ఇస్తారు. రేపు ఒంట్లో బాగాలేక డే డ్యూటీకి మారినా పోయేది అదే. ఏళ్ల తరబడి నైట్లు చేస్తూనే ఉండాలన్న ఒత్తిడి ఆమె మీద పెట్టే లోన్ మంచిది కాదని నా గట్టి అభిప్రాయం.

బేసిక్ 2,448లో అక్కడి ప్రభుత్వ పెన్షన్, వైద్య పథకాలైన సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం, అంటే 187 పోతాయి. 2025 రేట్ల ప్రకారం, భర్త లెక్క కలపకుండా సింగిల్ కేటగిరీలో కట్ చేస్తే ఫెడరల్ పన్ను 212 దాకా ఉంటుంది. టెక్సాస్‌లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు, అది కలిసొచ్చే విషయం. హెల్త్ ఇన్సూరెన్స్‌కు 80 అనుకుంటే చేతికి దాదాపు 1,970 వస్తుంది. నెలకు రెండు జీతాలు 3,940, ఖర్చులు 2,200 తీసేస్తే మిగిలేది 1,740. డాలరుకు 85 రూపాయలే వేసుకున్నా లక్షన్నర ఈఎంఐకి 1,765 డాలర్లు కావాలి. అంటే మొదటి నెల నుంచే లోటు. లక్షా పది వేలైతే 1,294 సరిపోతుంది, 440 పైన మిగులుతుంది.

అలవెన్సుల్లో పన్నులు పోను నెలకు 560 డాలర్ల దాకా ఆమె చేతికి వస్తుంది. మొదటి ఏడాది దాన్ని ఆమె పేరు మీదే అక్కడ పక్కన పెట్టండి. ఆరు నెలల ఈఎంఐకి సరిపడా కూడిన తర్వాత, వచ్చిందంతా లోన్ అసలుకు కట్టొచ్చు. వ్యక్తులు ఫ్లోటింగ్ వడ్డీకి తీసుకున్న ఇంటి లోన్‌ను ముందుగా తీర్చినా బ్యాంకు చార్జీ వేయకూడదని ఆర్‌బీఐ నిబంధన ఉంది. అందుకే బ్యాంకులో సంతకం పెట్టే ముందు, ఇచ్చేది ఫ్లోటింగ్ రేటేనా అని ఒకసారి అడిగి చూసుకోండి.