ప్రతి పేజీనీ ఒకే తీరున చదవనక్కరలేదు

ప్రశ్న: నేను గుంటూరులో ఎంఏ హిస్టరీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. డిగ్రీ వరకు తెలుగు మీడియమే. ఇప్పుడు నాలుగు పేపర్లకు కలిపి వారానికి 220 పేజీల దాకా ఇంగ్లీషులో చదవమంటున్నారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదువుతుంటే గంటకు పది పేజీలు కూడా సాగడం లేదు. ఒక అధ్యాయం పూర్తయ్యేసరికి వారం గడిచిపోతోంది. వేగంగా చదవడం నేర్పే కోర్సు ఏదైనా చేరమంటారా?

జవాబు: ఆ కోర్సుకు డబ్బు పెట్టవద్దని నా సలహా. కళ్లు వేగంగా కదిలించినంత మాత్రాన కొత్త విషయం, అందులోనూ కొత్త భాషలో ఉన్న విషయం, బుర్రకెక్కదు. వేగం పెంచేకొద్దీ అవగాహన తగ్గుతుంది. గంటకు పది పేజీల చొప్పున 220 పేజీలకు 22 గంటలు కావాలి. తరగతులు, ప్రయాణం, ఇంటి పనులు పోగా సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు రెండేసి గంటలు, శనివారం మూడు గంటలు దొరుకుతాయనుకుంటే మీ చేతిలో ఉండేది 13 గంటలు. అన్నింటినీ ఒకే శ్రద్ధతో చదవాలనుకున్నంత కాలం ఈ లెక్క కుదరదు. కాబట్టి దేన్ని నిదానంగా చదవాలో, దేన్ని పైపైన చూసి వదలాలో ముందుగా తేల్చుకోవడమే అసలు పని.

ఆ తేల్చుకోవడానికే ప్రీ రీడింగ్. మీ జాబితాలో కృష్ణా ఆనకట్ట గురించి 36 పేజీల అధ్యాయం ఒకటి ఉందనుకుందాం. 1832-33 నాటి నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని ఎంతగా కుంగదీసిందో చెప్పి, 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వచ్చిన మార్పులను చర్చించే అధ్యాయం అది. పదిహేను నిమిషాలు పెట్టుకుని శీర్షిక, మొదటి రెండు పేజీలు, లోపలి ఉపశీర్షికలు, పట్టికల పైన ఉన్న పేర్లు, చివరి రెండు పేజీలు మాత్రమే చూడండి. డిక్షనరీ తెరవకండి, ఫుట్‌నోట్ల జోలికి వెళ్లకండి. తర్వాత పుస్తకం మూసి, ఈ అధ్యాయం ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో తెలుగులో ఒక్క వాక్యం రాయండి. ‘ఆనకట్ట నీటి వల్ల పెరిగిన ఆదాయం రైతుకు ఎంత మిగిలింది, సర్కారుకు శిస్తు రూపంలో ఎంత పోయింది?’ అన్నంత స్పష్టంగా ఆ వాక్యం ఉండాలి. ‘ఇది కృష్ణా ఆనకట్ట గురించి’ అని మాత్రమే రాయగలిగితే ప్రీ రీడింగ్ ఇంకా పూర్తి కాలేదన్నమాట. ముగింపు పేజీలు మరొక్కసారి చూడాలి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి ఇక్కడే ఒక సౌలభ్యం ఉంది, దాన్ని వాడుకోవడానికి చాలామంది మొహమాటపడతారు. రైత్వారీ పద్ధతి అంటే ఏమిటో, అందులో థామస్ మన్రో పాత్ర ఏమిటో తెలుగు అకాడమీ పుస్తకంలో అరగంట చదువుకుని ఇంగ్లీషు అధ్యాయంలోకి వెళ్తే, తెలియని మాటల్లో సగం సందర్భాన్ని బట్టే అర్థమవుతాయి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. అదే విధంగా, చదవాల్సింది మొత్తం పుస్తకమైతే దానిపై పరిశోధన పత్రికల్లో వచ్చిన సమీక్ష ముందు చదవండి. ‘ఇండియన్ ఎకనామిక్ అండ్ సోషల్ హిస్టరీ రివ్యూ’ వంటి పత్రికల్లో రెండు మూడు పేజీల్లోనే రచయిత వాదన, దానిపై ఉన్న అభ్యంతరం రెండూ దొరుకుతాయి.

తర్వాతిది స్కిమ్మింగ్. ప్రతి పేరాలో మొదటి వాక్యం, చివరి వాక్యం చదువుతూ పేజీకి ఒక నిమిషం చొప్పున ముందుకు పోవడం అందరూ చెప్పే పద్ధతే. అయితే చరిత్ర పుస్తకాల విషయంలో ఈ పద్ధతిలో ఒక పెద్ద ప్రమాదం ఉంది. చరిత్రకారులు తరచుగా పేరా మొదట్లో తాము ఖండించబోయే అభిప్రాయాన్ని పెడతారు. ‘ఆనకట్టతో డెల్టా రైతులందరూ బాగుపడ్డారని చెబుతూ వచ్చారు’ అన్న వాక్యంతో పేరా మొదలై, నాలుగో వాక్యంలో ‘హవెవర్’ అని తిరిగి, నీరు అందిన పొలాలకు, అందని పొలాలకు మధ్య పెరిగిన తేడా దగ్గరికి చేరుతుంది. మొదటి వాక్యంతో ఆగినవారు రచయిత కాదన్న మాటనే రచయిత మాటగా రాసుకుని, పరీక్షలో దాన్నే తిరిగి రాస్తారు. తెలివైన విద్యార్థుల జవాబు పత్రాల్లో కూడా ఈ పొరపాటు కనిపించినప్పుడు నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే వారు చదవక తప్పు చేసినవారు కారు. కాబట్టి ‘హవెవర్’, ‘యెట్’, ‘ఇట్ హాజ్ బీన్ ఆర్గ్యూడ్’ వంటి మాటలు కంటపడిన ప్రతిచోటా ఆగి, ఆ పేరా మొత్తం చదవండి. మీరు రాసుకున్న సారాంశం అధ్యాయం చివరి రెండు పేజీలతో పొసగకపోతే, మధ్యలో ఎక్కడో ఎదుటివారి వాదనను రచయితకు అంటగట్టారని గుర్తించవచ్చు.

స్కిమ్మింగ్ పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. కలెక్టర్ రాసిన లేఖ, సెటిల్‌మెంట్ రిపోర్టు నుంచి తీసిన భాగం, శాసన పాఠం వంటి మూల ఆధారాలను వాక్యం వాక్యం చదవాల్సిందే. సిద్ధాంత చర్చతో నిండిన వ్యాసాలు కూడా అంతే. వాటిలో ఒక వాక్యం తప్పిపోతే తర్వాతిది నిలబడదు.

ఇక వారం పట్టిక. మీ 220 పేజీలు ఏడు పాఠాలుగా ఉన్నాయనుకుందాం. సోమవారం రెండు గంటల్లోపు ఏడింటికీ ప్రీ రీడింగ్ పూర్తి చేసి, వాటిని మూడు కుప్పలుగా వేయండి. సెమినార్‌లో చర్చకు వచ్చేవి, మీ అసైన్‌మెంట్‌కు ఆధారమైనవి రెండు ఎంచుకోండి; అవి 70 పేజీలైతే మీ వేగంతోనే ఏడు గంటలు పడుతుంది. దాన్ని మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఉన్న ఎనిమిది గంటల్లో పెట్టండి, మిగిలే గంట నోట్సుకు. సుమారు 110 పేజీలుండే మరో మూడింటికి శనివారం రెండు గంటల స్కిమ్మింగ్ సరిపోతుంది. మిగిలిన రెండు పాఠాలు, అంటే 40 పేజీలు, ఈ వారానికి ప్రీ రీడింగ్‌తోనే ఆగుతాయి. శనివారం చివరి గంటలో ఒక్కో పాఠానికి ఐదు పంక్తులు తెలుగులో రాయండి: రచయిత ఏమంటున్నారు, ఎవరితో విభేదిస్తున్నారు, ఏ ఆధారం చూపుతున్నారు, ఏ పేజీలు మళ్లీ చూడాలి, మీకు అర్థం కానిదేమిటి. పుస్తకం చూడకుండా రాయాలి. పేజీల నిండా రంగు గీతలు గీయడం కన్నా ఈ ఐదు పంక్తులే పరీక్షల ముందు పనికొస్తాయి.

ఆదివారాన్ని పట్టికలో పెట్టకండి. జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లి వచ్చినా ఆ రోజు కొంత సర్దుకోవచ్చు. అప్పటికీ మిగిలిపోయిన పాఠాలను వచ్చే వారం మీద వేయకుండా, పేరు, పేజీ సంఖ్యలు ఒక కాగితం మీద రాసి సెమిస్టర్ సెలవులకు వాయిదా వేయండి. బాకీని మోసుకుంటూ పోతే మూడో వారానికి పట్టికే మూలన పడుతుంది.

ఏది ముఖ్యమో మొదటి నెలలో మీకు మీరుగా తెలుసుకోవడం కష్టం. సోమవారం ప్రీ రీడింగ్ పూర్తయ్యాక, ‘సార్, ఈ వారం వీటిలో ఈ రెండూ నిదానంగా చదవాలనుకుంటున్నాను, సరేనా?’ అని మీ లెక్చరర్‌ను అడగండి. ఏం చదవాలని ఊరికే అడిగితే అన్నీ చదవమనే అంటారు; మీరు ఎంచుకున్న రెండింటినీ చెప్పి అడిగితే వాటిలో ఏది మార్చాలో చెబుతారు.