యాన్యువల్ డే స్పీచ్ గురించి చిట్టికి అత్త రాసేది

చిట్టీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసాడు, అక్కా మన చిట్టి చేత యాన్యువల్ డేకి స్పీచ్ ఇప్పిస్తున్నారంట, స్కూల్ లీడర్ కదా, పరీక్షలూ ఫ్రెండ్సూ ఆరోగ్యమూ మూడూ ఎలా చూసుకోవాలో పిల్లలకి చెప్పాలంట అని. వాడి గొంతు చూడాలి, తనే ఫస్ట్ వచ్చినట్టు. నాకూ పొంగిందిలే, కాదనను. మూడో క్లాసులో పద్యం చెప్పమంటే మీ నానమ్మ కొంగు చాటుకి దూరిన పిల్లవి. కానీ ఫోన్ పెట్టేసాక నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను, ముందు చిన్నచిన్నవి అయిపోనీ.

ఐదు నిమిషాలన్నారు కాబట్టి ఫోన్లో టైమర్ పెట్టుకుని పైకి చదువు, మనసులో చదువుకుంటే లెక్క తప్పుతుంది. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టుకో, పట్టుకుని బాక్సుల ముందుకి మాత్రం వెళ్లకు, కీచుమంటుంది. చీఫ్ గెస్ట్ ఎలాగూ లేటుగా వస్తారు, నీ ఐదు నిమిషాలు కాస్తా రెండైపోతాయి, ఏ ముక్క వదిలెయ్యాలో ముందే పెన్సిల్‌తో గీసుకో. వేదికనలంకరించిన పెద్దలకి అంటూ సగం టైం తినెయ్యకు, అవతల డాన్సు పిల్లలు మేకప్పులు వేసుకుని చెమటలు కక్కుతూ ఉంటారు పాపం.

నువ్వు పంపిన డ్రాఫ్టు చూసాను. సమయాన్ని సద్వినియోగం చేసుకోవాలి అని మూడు చోట్ల రాసావు. రిటైరయ్యేదాకా బయాలజీ చెప్పాను, ఆ ముక్క విని ఒక్కడు సద్వినియోగం చేసుకున్న దాఖలా లేదు. అసలు ఎంత టైముందో చెప్పవే ముందు. నీ క్లాసులో పిల్లదాన్నే తీసుకో. పొద్దున్న ఐదున్నరకి లేస్తుంది, బస్సు ఏడున్నరకి, స్టడీ అవర్ అయ్యి ఇంటికి చేరేసరికి సాయంత్రం ఏడు. స్నానం, అన్నం అయ్యేసరికి ఎనిమిది. మీ వయసు వాళ్లకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి, తక్కువలో తక్కువ ఎనిమిదే అనుకున్నా తొమ్మిదిన్నరకి పడుకోవాలి. అంటే దాని చేతిలో ఉన్నది గంటన్నర. ఇరవై నాలుగ్గంటలు కాదు, గంటన్నర! ఇది స్టేజీ మీద లెక్కేసి చెప్పు, పిల్లల కంటే ముందు వెనకాల కుర్చీల్లో ఉన్న తల్లిదండ్రులు వింటారు. తెల్లారగట్ల నాలుగింటికి లేపి చదివించే అమ్మలున్నారు మన వైపు, లేపొచ్చు, కానీ అలా లేపాలంటే రాత్రి ఎనిమిదింటికే పడుకోబెట్టాలి, అది మాత్రం ఎవరూ చెయ్యరు.

ఆ గంటన్నరలో ఏం చెయ్యాలంటే, పుస్తకం ముందేసుకుని చదివిందే చదవడం కాదు. ఒకసారి చదివి, మూసేసి, తెల్లకాగితం మీద గుర్తొచ్చింది రాసుకుని, అప్పుడు తెరిచి ఏం వదిలేసామో చూసుకోవాలి. నా సొంత కవిత్వం కాదు ఇది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అని ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ పిల్లల మీద చేసి చూసారు, ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివిన వాళ్లకే ఎక్కువ గుర్తుంది, వారం తర్వాత పెడితే మూసేసి గుర్తు తెచ్చుకున్న వాళ్లకి ఎక్కువ గుర్తుంది. అందుకే చదివిందే చదివిన రాత్రి అంతా వచ్చేసినట్టుంటుంది, హాల్లో కూర్చున్నాక ఖాళీ. కిరణజన్య సంయోగక్రియకి ఇలా ముప్పావుగంట ఇచ్చినా ఇంకా ముప్పావుగంట మిగులుతుంది, అందులో కాసేపు ఫ్రెండుతో మాట్లాడుకోవచ్చు, తప్పేం లేదు. ఫ్రెండ్షిప్పుల గురించి నువ్వు రాసిన పేరా తీసేసి ఒక్కటే చెప్పు, పబ్లిక్ పరీక్షల్లో పేపరు అయ్యాక గేటు దగ్గర నిలబడి బిట్లు సరిచూసుకోకండి అని. ఒకడి మొహం వాడిపోతుంది, మర్నాటి పేపరు వాడికి పోతుంది, దగ్గర స్నేహాలు చెడేది కూడా అక్కడే.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని ముక్క. డ్రాఫ్టు మధ్యలో "మా క్లాసులో ఒక అమ్మాయి ఉంది" అని మొదలెట్టావు చూడు, పేరు చెప్పనులే అని. అక్కడ నా గుండె జారిపోయింది.

మీ నాన్న కూడా టెన్త్‌లో ఎస్పీఎల్ అని నీకు తెలుసు. వాడు ఇచ్చిన స్పీచ్ గురించి మాత్రం ఎప్పుడూ చెప్పి ఉండడు. రాయనా అని పొద్దున్నే అడిగాను, కాసేపు ఏం మాట్లాడలేదు, రాయక్కా అన్నాడు. అందుకే రాస్తున్నాను. ఇందులో ఉన్న రెండో అబ్బాయి ఎవరో నన్నడక్కు, వాళ్ల ఊరూ అడక్కు.

వాడి జతగాడొకడు అవతలి ఒడ్డు నుంచి రోజూ పంటు అనే పెద్ద పడవ మీద దాటి వచ్చేవాడు. హాఫియర్లీలో లెక్కలు పోయాయి. ఆ రోజు ఇంటికెళ్లడానికి భయమేసి, రేవులో చీకటి పడేదాకా కూర్చుండిపోయాడంట, ఆఖరి పంటు కూడా వదిలేసి. మీ నాన్న వెతుక్కుంటూ వెళ్లి, పక్కన కూర్చుని, మన ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టించాడు. ఆ రాత్రి చేసింది మంచి పనే, ఇప్పటికీ అంటాను. యాన్యువల్ డే రోజు స్నేహం గురించి మాట్లాడమంటే మాత్రం ఈ కథే ఎత్తుకున్నాడు. పేరు చెప్పలేదు. పంటు దాటి వచ్చే ఒక మిత్రుడు, లెక్కల్లో తప్పాడు, రేవులో ఒంటరిగా కూర్చుని ఏడుస్తున్నాడు, నేను వెళ్లి ధైర్యం చెప్పాను, ఇప్పుడు బాగున్నాడు, అతనికి చప్పట్లు కొట్టండి అన్నాడు. టెన్త్‌లో పంటు దాటి వచ్చేవాడు వాడొక్కడేనే! ఇంక పేరెందుకు? జనం చప్పట్లు కొడుతూ వెనక్కి తిరిగి చూసారు.

నేను ఆడవాళ్ల కుర్చీల్లో ఉన్నాను. నాకు ముందు వరసలో వాళ్లమ్మ. ఆవిడకి ఆ రేవు సంగతే తెలీదు, ఆ రాత్రి ఫ్రెండింట్లో చదువుకున్నానని చెప్పాడంట. ఆవిడ చప్పట్లు కొడుతూ కొడుతూ ఆపేసి, కొడుకు వైపు చూసింది, నిజమేరా అని అంతమందిలోనే అడిగేసింది. వాడు లేచి షామియానా తాళ్ల మధ్య నుంచి దూరి వెళ్లిపోయాడు. స్టేజీ మీద మీ నాన్న ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, వెలుతుర్లో వాడికి కింద ఏమీ కనపడదు కదా.

తర్వాత నాలుగైదు రోజులు స్కూలుకి రాలేదు. మీ నాన్న పంటు దాటి వెళ్లాడు, నేనూ తోడెళ్లాను. వాళ్లమ్మ మజ్జిగ ఇచ్చింది, కూర్చోబెట్టింది, వాడు మాత్రం మా గొంతు వినగానే పెరటి దారిన కొబ్బరితోటలోకి వెళ్లిపోయాడు. టెన్త్ పాసయ్యాడులే, ఇప్పుడు బాగానే ఉన్నాడు, పెళ్లిళ్లలో కనపడితే పలకరిస్తాడు. కానీ ఆ తర్వాత మీ నాన్నకే కాదు, ఎవరికీ తన మనసులో మాట చెప్పినట్టు నేనెరగను. దాంతో పాటు ఇంకోటి, ఆ ఏడు ఆ క్లాసులో ఎవడూ ఎస్పీఎల్ దగ్గరికి వచ్చి నాకిలా ఉందిరా అని అనలేదు. ఎలా అంటారు, అన్నది మైకులో వినపడుతుంటే!

కాబట్టి ఆ పిల్ల కథ తీసెయ్. ఆ అమ్మాయి సరేనన్నా తీసెయ్, ఎందుకంటే లీడరు అడిగితే క్లాసులో పిల్లలు కాదనలేరు, పైగా వాళ్లింట్లో ఎంతవరకు తెలుసో నీకు తెలీదు. ఊరు, బస్సు నంబరు, పోయిన సబ్జెక్టు, ఇవన్నీ పేరు కిందే లెక్క. నీ కథ నువ్వు చెప్పుకో. క్వార్టర్లీలో ఫిజిక్స్ తగ్గితే రెండ్రోజులు మీ అమ్మతో కూడా మాట్లాడలేదంటగా, అది నీది, ఎంతవరకు చెప్పాలో నువ్వే తేల్చుకో.

ఇంకో వాక్యం కూడా కొట్టెయ్యాలి. మార్కులు తగ్గాయని పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారు అని రాసావు. మంచి ఉద్దేశంతోనే రాసావు, తెలుసు. కానీ అది విన్న పిల్లాడికి మార్కులు తగ్గితే చేసేది అదే అన్నట్టు వినపడుతుంది. ఒక్క కారణానికి ముడిపెట్టొద్దు, ఎలా జరిగిందో ఎక్కడ జరిగిందో వర్ణించొద్దు అని డబ్ల్యూహెచ్ఓ వాళ్లు పత్రికల వాళ్లకే సూచనలు రాసారు, ఆరొందల మంది పిల్లల ముందు మైకు పట్టుకున్న నీకూ అవే వర్తిస్తాయి. దాని బదులు మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడుకునే టెలీ మానస్ నంబరు చెప్పు, 14416. కేంద్రం 2022 అక్టోబర్ 10న మొదలెట్టింది, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. రెండుసార్లు మెల్లగా చెప్పు, తర్వాత నోటీసు బోర్డు మీద కూడా రాయించు. పరీక్ష పోతే అదే ఏడాది సప్లిమెంటరీ రాసి అదే ఏడు ఇంటర్లో చేరొచ్చని కూడా చెప్పు, చాలామంది పిల్లలకి ఇది నిజంగా తెలీదు.

స్కూల్లో ఎవరి దగ్గరికి వెళ్లాలో కూడా చెప్పాలి, ఊరికే టీచర్లతో చెప్పుకోండి అంటే ఎవరూ వెళ్లరు. ఒక మేడంని, ఒక మాస్టార్ని ముందే అడిగి ఒప్పించు, మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫలానా గదిలో ఉంటారు అని స్టేజీ మీద చెప్పు. స్టడీ అవర్ అరగంట తగ్గించమని హెడ్మాస్టరు గారిని అడగాలనుకుంటే ఇప్పుడే గదిలోకెళ్లి అడుగు, అందరి ముందూ మైకులో అడిగి ఆయన్ని ఇరుకున పెట్టకు, ఒప్పుకోబోయే మనిషి కూడా మొండికేస్తారు.

స్పీచ్ బాగుంటే ఆ రాత్రో మర్నాడో ఒకళ్లు నీ దగ్గరికి వస్తారు, నేను అన్నిటికంటే భయపడేది దీనికే. వచ్చిన పిల్ల చెప్పేది అడ్డు రాకుండా విను, దీనికే ఇంతా అనకు. ఎవరికీ చెప్పనని ఒట్టు మాత్రం వెయ్యకు. చచ్చిపోవాలనుంది అనో, నేను లేకపోతే బాగుండు అనో అంటే, ఆ పిల్లని ఒంటరిగా వదలకుండా చెయ్యి పట్టుకుని అప్పుడే మేడం దగ్గరికి తీసుకెళ్లు, నువ్వు తలుపు దాకా కాదు, లోపలికి వెళ్లు. అది రాత్రి ఫోన్లో అయితే లైన్లో ఉండగానే మీ అమ్మని లేపు. నీకు పదిహేనేళ్లు, మొత్తం నువ్వే మోసెయ్యాలనుకోకు, నా తల్లి కదూ.

చివర్లో ముసలి అత్త పిచ్చి ఒకటి. ఆఖరి పరీక్ష అయిపోయిన రోజు గుంపుగా గోదాట్లోకీ కాలవలోకీ స్నానాలకి దిగొద్దని ఒక్క మాట అను. ఇసక తవ్విన గోతులు పైనుంచి కనపడవు, మోకాల్లోతు అనుకున్న చోట అడుగు తీసి అడుగేస్తే మనిషి లోతు. స్పీచ్‌కి అతకదంటావేమో, అతికించు.

ఆదివారం లోపు రెండో డ్రాఫ్టు పంపు, ఫోటో తీసి కాదు, నీ కోడిరాత నాకు కనపడదు, టైప్ చేసి పంపు. యాన్యువల్ డేకి చించినాడ బ్రిడ్జి మీదుగా మధ్యాహ్నం బస్సుకే వచ్చేస్తాను, ముందు వరసలో కుర్చీ పట్టమని మీ అమ్మతో చెప్పు. సంక్రాంతి అరిసెలు ఇంకా డబ్బాలో ఉన్నాయి, తెస్తాను.

మీ అత్త